తప్పిపోయిన భర్త, నాలుగు గడుల పట్టిక

ఇల్లు వదిలి వెళ్లిన భర్త ఏళ్లు గడిచినా తిరిగి రాలేదు. బతికున్నాడో లేడో చెప్పేవాళ్లు లేరు. అలాంటప్పుడు అతని భార్య మళ్లీ పెళ్లి చేసుకోవాలంటే ఎన్నాళ్లు ఆగాలి? ఆచూకీ తెలియని ఆ మనిషిని ఇస్లామీయ న్యాయశాస్త్రం ‘మఫ్ఖూద్’ అంటుంది. అతని భార్య గురించి, ఆస్తి గురించి న్యాయగ్రంథాల్లో విడిగా చర్చ ఉంటుంది. తులనాత్మక న్యాయశాస్త్రంలో వెలువడే పరిశోధన పత్రాల్లో ఈ చర్చ చాలాసార్లు ఒక చిన్న పట్టికగా మారిపోతుంది. నాలుగు సున్నీ మద్‌హబ్‌లకు నాలుగు గడులు. హనఫీ: భర్తకు 90 ఏళ్లు నిండేదాకా. మాలికీ: నాలుగేళ్లు. షాఫయీ: మరణం రూఢి అయ్యేదాకా. హంబలీ: నాలుగేళ్లు.

ఈ నాలుగు మాటల్లో పచ్చి అబద్ధం ఒక్కటీ లేదు. ప్రతిదానికీ ఆ మద్‌హబ్ గ్రంథాల్లో ఆధారం దొరుకుతుంది. అయినా పట్టిక తప్పుదారి పట్టిస్తుంది. ఒక్కో గడిలో ఐదారుగురు పండితులు ఉంటారు. వాళ్లలో కొందరి మాట పక్క గడిలోని వాళ్ల మాటకే దగ్గరగా ఉంటుంది. ఒకే పండితుడు యౌవనంలో ఒకటి, చివరి రోజుల్లో మరొకటి చెప్పి ఉంటాడు. మద్‌హబ్ అంటే సెక్షన్ల వారీగా అచ్చువేసిన శాసనం కాదు. ఒక గురువు దగ్గర మొదలై, శిష్యులు, వాళ్ల శిష్యులు, వ్యాఖ్యాతలు, ఫత్వాలు ఇచ్చే ముఫ్తీలు, తీర్పులు చెప్పే ఖాజీలు కొన్ని వందల ఏళ్లపాటు ఒక పద్ధతికి కట్టుబడి వాదించుకుంటూ వచ్చిన సంప్రదాయం. పత్రం రాసేవారు మద్‌హబ్‌ల మధ్య తేడాలు చూపిస్తూనే మద్‌హబ్ లోపలి తేడాలను ఎలా నిలబెట్టాలో తెలుసుకోవడానికి మఫ్ఖూద్ భార్య సమస్య కన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం. పైగా అది భారతదేశంలో ఇప్పటికీ అమల్లో ఉన్న ఒక చట్టానికి పునాది.

ముందు హనఫీ గడి చూడాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముస్లింలలో అత్యధికులు ఈ మద్‌హబ్‌వారే. 1197లో మరణించిన మర్గీనానీ రాసిన ‘హిదాయా’ దక్షిణాసియా మదరసాల్లో నేటికీ పాఠ్యగ్రంథం. ఈస్టిండియా కంపెనీ కోర్టుల కోసం చార్లెస్ హామిల్టన్ 1791లో ఇంగ్లీషులోకి తెచ్చిందీ దీన్నే. మఫ్ఖూద్ ఎప్పుడు చనిపోయినట్టు లెక్క అనే ప్రశ్నకు ఈ పుస్తకం ఒక్కచోటే పలు జవాబులు ఇస్తుంది. పుట్టిన నాటి నుంచి 120 ఏళ్లు నిండితే మరణించినట్టు తీర్పు చెప్పాలన్నది అబూ హనీఫా మాటగా హసన్ అనే శిష్యుడు అందించిన కథనం. మద్‌హబ్‌లో ప్రామాణికమని పేరుపడ్డ కథనం అసలు అంకె చెప్పదు. అతని ఈడువాళ్లంతా పోయాక అతనూ పోయినట్టే అంటుంది. ఇంకో ప్రధాన శిష్యుడు అబూ యూసుఫ్ 100 ఏళ్లన్నాడని మరో కథనం. కొందరు 90 అన్నారు. ఇవన్నీ చెప్పాక మర్గీనానీ తన తూకం తాను వేస్తాడు. తర్కానికి కట్టుబడితే ఏ అంకే పెట్టకూడదు, జనానికి వెసులుబాటు కావాలంటే 90 పెట్టడం మేలు అని తేలుస్తాడు.

అంటే పట్టికలో ‘హనఫీ నియమం’గా కనబడే 90, హిదాయా రచయిత దృష్టిలో తర్కం తేల్చిన అంకె కాదు, కనికరంతో ఎంచుకున్న అంకె. ఇది చిన్న తేడా కాదు. నియమం అన్నాక దాన్ని కదిలించడం మద్‌హబ్‌ను ఉల్లంఘించడమే అనిపిస్తుంది. వెసులుబాటు కోసం ఎంచుకున్నది అన్నాక, కాలం మారితే మరికొంత వెసులుబాటు అడగడం ఆ మద్‌హబ్ తర్కంలోనే ఇముడుతుంది. తర్వాత జరిగిందీ అదే. 15వ శతాబ్దపు ఇబ్నుల్ హుమామ్ 70 ఏళ్లను ఎంచుకున్నాడు. అంకె పెట్టడం కాకుండా పాలకుడి లేదా ఖాజీ విచక్షణకు వదిలేయాలన్న హనఫీలూ ఉన్నారు. 1836లో మరణించిన డమాస్కస్ పండితుడు ఇబ్న్ ఆబిదీన్, అంతకు ముందరి హనఫీల మాటను ఉటంకిస్తూ, తప్పనిసరి అవసరం వచ్చినచోట మాలిక్ అభిప్రాయం మీద ఫత్వా ఇస్తే తప్పులేదన్న మాటను నమోదు చేశాడు. హనఫీ గడిలోంచే మాలికీ గడికి తలుపు తెరుచుకుందన్నమాట.

ఈ అంకెలు బతుకులో ఏమవుతాయో లెక్క వేసి చూడవచ్చు. 24 ఏళ్ల భార్య, 30 ఏళ్ల భర్త. వ్యాపారానికని వెళ్లిన భర్త కబురు ఆగిపోయింది. 120 ఏళ్ల కథనం ప్రకారం ఆమె మరో 90 ఏళ్లు, అంటే తనకు 114 ఏళ్లు వచ్చేదాకా ఆగాలి. 90 ప్రకారం 84 ఏళ్లు వచ్చేదాకా, 70 ప్రకారం 64 ఏళ్లు వచ్చేదాకా. చాంద్రమాన సంవత్సరాల్లో లెక్కిస్తే కొంచెం తగ్గుతుంది. 90 చాంద్ర సంవత్సరాలు మన క్యాలెండర్‌లో సుమారు 87. పెళ్లి విషయంలో ఇవన్నీ ఆమెకు ‘ఎప్పటికీ కాదు’ అనే చెబుతున్నాయి. అందువల్ల ఆమె వైపు నుంచి చూస్తే హనఫీల లోపలి భేదం స్వల్పమే. కానీ ఆస్తి పంపకం కోసం ఎదురుచూసే వారసుల వైపు నుంచి చూస్తే 70కీ 120కీ మధ్య ఒక తరం, రెండు తరాల తేడా ఉంది. ఒకే అభిప్రాయభేదం ఒక ప్రశ్నకు స్వల్పం, మరో ప్రశ్నకు కీలకం. భార్యకు సంబంధించిన ప్రశ్న, ఆస్తికి సంబంధించిన ప్రశ్న కలిపి ఒకే గడిలో పెట్టే పట్టిక చేసే మొదటి నష్టం ఇదే.

ఆ రెండు ప్రశ్నలూ విడివిడివని మాలికీ గడిలో మరింత స్పష్టమవుతుంది. ‘నాలుగేళ్లు’ అన్నది భార్యకే. ఆస్తి మాత్రం అతను సాధారణ ఆయుష్షు దాటేదాకా పంచరు. ఆ ఆయుష్షు ఎంతన్నదానిలో మాలికీలలో మళ్లీ భేదాలు. 14వ శతాబ్దంలో ఖలీల్ రాసిన ప్రసిద్ధ సంగ్రహం 70 అంటూనే, ఇద్దరు పెద్ద పండితులు 80 ఎంచుకున్నారనీ, 75 మీద తీర్పులు వచ్చాయనీ పక్కనే చెబుతుంది. మాలికీ చట్టం ప్రకారం ఒక మనిషి తన భార్య విషయంలో నాలుగేళ్లకు పోయినట్టు, తన పొలం విషయంలో ఇంకా బతికే ఉన్నట్టు లెక్క. ఇది తెలియనివారు ‘మాలికీలు నాలుగేళ్లకు మరణించినట్టు భావిస్తారు’ అని రాసేస్తారు. అది తప్పు.

నాలుగేళ్లు ఎప్పటి నుంచి అన్నది ఇంకో చిక్కు. ఈ తీర్పుకు మూలం రెండో ఖలీఫా ఉమర్ ఇచ్చిన ఒక తీర్పు. మాలిక్ అభిప్రాయాలను శిష్యపరంపర ద్వారా నమోదు చేసిన ‘ముదవ్వనా’ ప్రకారం, భర్త వెళ్లిపోయిన రోజు నుంచి గడియారం మొదలవదు. భార్య అధికారి దగ్గర ఫిర్యాదు చేయాలి. అతను వెళ్లాడని అనుకున్న ప్రాంతానికి కబురు పంపి వెతికించాలి. దొరకడని తేలాక గడువు పెడతారు. అంతకు ముందు ఆమె 20 ఏళ్లు ఆగినా ఆ కాలం లెక్కలోకి రాదన్నది అందులోని మాట. గడువు నిండాక భర్త పోయిన స్త్రీ పాటించే ఇద్దత్, అంటే నాలుగు నెలల పది రోజులు. ఆ తర్వాతే పెళ్లి.

పైగా ఈ నాలుగేళ్లు తప్పిపోయిన ప్రతివాడికీ వర్తించవు. 1198లో మరణించిన ఇబ్న్ రుష్ద్, తులనాత్మక పద్ధతిలో రాసిన ‘బిదాయతుల్ ముజ్తహిద్’లో మాలికీల దగ్గర మఫ్ఖూద్‌లను నాలుగు రకాలుగా విడదీసి చూపుతాడు. ముస్లిం దేశంలో తప్పిపోయినవాడు ఒకరకం, నాలుగేళ్లు అతనికే. శత్రుదేశంలో తప్పిపోయినవాడు ఖైదీ లెక్క. అతను చనిపోయాడని రూఢి అయ్యేదాకా భార్య మళ్లీ పెళ్లాడదు. కానీ మాలిక్ శిష్యుడు అష్‌హబ్ ఇక్కడ విడిపోతాడు. అతనికీ ముస్లిం దేశంలో తప్పిపోయినవాడి లెక్కే అంటాడు. ముస్లింల మధ్య అంతర్యుద్ధంలో కనబడకుండా పోయినవాడు మూడోరకం. అతను చంపబడినట్టే, ఎదురుచూపు లేదన్నది ఒక మాట. దూరాన్ని బట్టి కొంతకాలం, మహా అయితే ఏడాది ఆగాలన్నది మరో మాట. ఇతరులతో యుద్ధంలో తప్పిపోయినవాడు నాలుగోరకం. అక్కడ భేదాలు ఇంకా ఎక్కువ. అంటే శత్రుదేశంలో తప్పిపోయిన వర్తకుడి భార్య విషయంలో మాలిక్ మాట షాఫయీల మాటకు దగ్గర, అష్‌హబ్ మాట పట్టికలోని ‘మాలికీ’ మాటకు దగ్గర. అసలు మాలిక్ మాటే మాలికీ గడిలో ఇమడడం లేదు.

మొదటి భర్త తిరిగొస్తే ఏమిటన్న ప్రశ్నలో మాలిక్ తానే రెండు మాటలు చెప్పాడు. ఆయన గ్రంథం ‘మువత్తా’ ప్రకారం, ఇద్దత్ ముగిసి ఆమె మరొకరిని పెళ్లాడితే, కాపురం మొదలైనా కాకపోయినా మొదటి భర్తకు ఆమెపై హక్కు పోయింది. శిష్యుడు ఇబ్నుల్ ఖాసిం చెప్పిన దాని ప్రకారం మాలిక్ తర్వాత మనసు మార్చుకున్నాడు. రెండో భర్తతో కాపురం మొదలవకముందే మొదటివాడు వస్తే అతనికే ఎక్కువ హక్కు అన్నాడు. ఈ రెంటిలో ఏది మద్‌హబ్ మాటగా నిలబడిందో చెప్పకుండా ‘మాలిక్ ప్రకారం’ అని ఊరుకుంటే పాఠకుడికి సగమే అందుతుంది.

షాఫయీ గడిలో భేదం కాలానుసారమైనది. ఇమాం షాఫయీ ఇరాక్‌లో ఉన్నప్పుడు చెప్పినవి పాత మాటలు, ఈజిప్టు వెళ్లాక 820లో మరణించేదాకా చెప్పినవి కొత్త మాటలు. ఈ విభజన ఆ మద్‌హబ్ గ్రంథాలన్నిటా కనబడుతుంది. పాత మాట ప్రకారం మఫ్ఖూద్ భార్య నాలుగేళ్లు ఆగి, ఇద్దత్ పాటించి, పెళ్లి చేసుకోవచ్చు. కొత్త మాట ప్రకారం మరణమో విడాకులో రూఢి కావాలి. 1277లో మరణించిన నవవీ కొత్తదాన్నే మద్‌హబ్ మాటగా నిలబెట్టాడు. అంతటితో ఆగలేదు. ఒక ఖాజీ పాత మాట మీద తీర్పు చెబితే, కొత్త మాటను బట్టి ఆ తీర్పును కొట్టేయాలన్నది సరైన అభిప్రాయమని కూడా చెప్పాడు. అది ‘సరైనది’ అన్నాడంటే కొట్టేయనక్కర్లేదన్న షాఫయీలూ ఉన్నారన్న మాటే. కాబట్టి ఈ గడిలో రాయవలసింది ‘రెండు అభిప్రాయాలున్నాయి’ అని కాదు. ఒకటి విడిచిపెట్టినది, ఒకటి నిలిచినది. విడిచినదాని మీద వచ్చిన తీర్పు నిలబడుతుందా అన్నది మాత్రం లోపలి వివాదం. షాఫయీలు తెలుగువారికి దూరపువాళ్లేమీ కాదు. కేరళ మాప్పిళ్లలు, భత్కల్, కొంకణ్ ముస్లింలు ఎక్కువగా ఈ మద్‌హబ్‌వారు. హైదరాబాద్ బార్కాస్‌లో యెమెన్ హద్రమౌత్ నుంచి వచ్చి స్థిరపడిన అరబ్బుల సంతతి కూడా అంతే.

హంబలీ గడి పట్టికలో మాలికీ గడిలాగే కనిపిస్తుంది. కానీ తర్కం పూర్తిగా వేరు. హంబలీలు అడిగేది ఎక్కడ తప్పిపోయాడని కాదు, ఎలా తప్పిపోయాడని. 1223లో మరణించిన ఇబ్న్ ఖుదామా ‘ముగ్నీ’లో వివరించినట్టు, చావు సూచన ఎక్కువగా ఉన్న అదృశ్యం వేరు, క్షేమం సూచన ఎక్కువగా ఉన్న అదృశ్యం వేరు. రాత్రి ఇంట్లోంచి వెళ్లి రానివాడు, నమాజుకని వెళ్లి రానివాడు, పగిలిన ఓడలో కొందరు మునిగి కొందరు బతికినప్పుడు కనబడనివాడు, యుద్ధంలో తప్పిపోయినవాడు మొదటి కోవ. అక్కడే నాలుగేళ్లు. వ్యాపారానికో చదువుకో వెళ్లి కబురు లేనివాడు రెండో కోవ. అక్కడ మళ్లీ రెండు కథనాలు. మరణం రూఢి కావాలన్నది ఒకటి, పుట్టిన నాటి నుంచి 90 ఏళ్లు నిండాలన్నది రెండోది. పైన లెక్కవేసిన స్త్రీ భర్త వ్యాపారానికి వెళ్లినవాడు. కాబట్టి ఆమె హంబలీ అయితే నాలుగేళ్లు ఆమెకు వర్తించవు. ఆమె పరిస్థితి హనఫీ స్త్రీ పరిస్థితే. పట్టికను నమ్మి ‘హంబలీ ప్రకారం నాలుగేళ్లకు విముక్తి’ అని ఆమెకు సలహా ఇచ్చే న్యాయవాది పొరబడినట్టే. ఈజిప్టు 1929 నాటి 25వ చట్టం ఈ హంబలీ విభజననే తీసుకుంది. చావు సూచన ఎక్కువగా ఉన్న చోట నాలుగేళ్లు పెట్టి, మిగతా సందర్భాలను న్యాయమూర్తికి వదిలింది.

షియాల జాఫరీ మద్‌హబ్‌ను చాలా పత్రాలు ఐదో గడిగా అతికించి వదిలేస్తాయి. అందులోనూ నాలుగేళ్లున్నాయి. కానీ షరతు వేరు. భర్త ఆస్తి నుంచో అతని సంరక్షకుడి నుంచో ఆమెకు పోషణ అందుతుంటే ఆమె ఓపిక పట్టాల్సిందే. అందకపోతేనే ధర్మాధికారి దగ్గరకు వెళ్లడం, వెతికించడం, నాలుగేళ్ల గడువు. ఇక్కడ మొత్తం వ్యవహారం పోషణ చుట్టూ తిరుగుతుంది. పోషణ లేదన్న కారణం మీద మాలికీ న్యాయంలో నాలుగేళ్ల గడువుతో పనిలేకుండానే విడిపోయే దారి వేరే ఉంది. ఆ దారిని పట్టికలో చూపడానికి గడే ఉండదు.

ఇంత వైవిధ్యం గడుల్లోకి ఎందుకు కుదించుకుపోతుందన్నది చూడాలి. పత్రం రాసేవారి బద్ధకం ఒక్కటే కారణం కాదు. ఆధారంగా తీసుకునే పుస్తకాల స్వభావం కూడా కారణం. హిదాయాలో మాలిక్ మాట వస్తుంది, కానీ హనఫీ వాదానికి ఎదురుపక్షంగా వస్తుంది. నాలుగేళ్లు గడిస్తే ఖాజీ విడదీస్తాడన్నంతే అక్కడ ఉంటుంది. దానికి జవాబుగా నాలుగో ఖలీఫా అలీ మాటను, ఉమర్ తర్వాత అలీ మాటకే వచ్చాడన్న కథనాన్ని మర్గీనానీ నిలబెడతాడు. ఖండించడానికి తెచ్చిన వాదంలో శత్రుదేశం, అంతర్యుద్ధం, అష్‌హబ్ వగైరా వివరాలు అవసరం లేదు. అది మర్గీనానీ దోషం కాదు. ఆయన రాస్తున్నది తన మద్‌హబ్ సమర్థన. దాన్ని మాలికీ న్యాయానికి ఆధారంగా వాడుకునే నేటి రచయితదే దోషం. ఒక మద్‌హబ్ మాటను ఆ మద్‌హబ్ సొంత పుస్తకం నుంచే తీసుకోవాలన్నది ఈ రంగంలో రాజీ పడకూడని నియమం. ఇబ్న్ రుష్ద్ లాంటి తులనాత్మక గ్రంథం దారి చూపుతుంది, కానీ అదీ తుది ఆధారం కాదు. షాఫయీ మాటకు నవవీని, హంబలీ మాటకు ఇబ్న్ ఖుదామాను తెరిచి చూడాల్సిందే.

సొంత పుస్తకం తెరిచినా సరిపోదు. ఏ స్థాయి పుస్తకం అన్నది చూడాలి. పాఠం చెప్పడానికి రాసిన చిన్న సంగ్రహాలు ఒకే అభిప్రాయాన్ని ఇస్తాయి; వాటి పనే అది. వ్యాఖ్యానాలు భేదాలను విప్పుతాయి. ఫత్వా సంకలనాలు ఆ కాలంలో నిజంగా దేని మీద తీర్పులిచ్చారో చెబుతాయి. సంగ్రహాన్ని మాత్రమే చదివినవారికి మద్‌హబ్ ఏకశిలలా కనిపిస్తుంది. ఫత్వాలు మాత్రమే చదివినవారికి మద్‌హబ్ అసలు లేనట్టే కనిపిస్తుంది.

ఈ రెండో పొరపాటు గురించీ గట్టిగా చెప్పాలి. లోపలి భేదాలను చూపాలన్న తపనతో కొందరు రచయితలు పుస్తకాల్లో కనిపించిన ప్రతి మాటనూ ఒకే వరుసలో పేరుస్తారు. 120, 100, 90, 70, ఈడువాళ్ల మరణం, ఖాజీ విచక్షణ అని ఆరూ రాసి ‘హనఫీలలో ఏకాభిప్రాయం లేదు’ అని ముగిస్తారు. అది కూడా చదును చేయడమే. శిఖరాలను కొట్టేసే బదులు లోయలను పూడ్చినట్టు. ఆ ఆరింటికీ సమాన బరువు లేదని హనఫీలే చెబుతారు. ప్రామాణిక కథనం ఏదో, అరుదైన కథనం ఏదో, తర్వాతివాళ్లు ఫత్వాకు ఎంచుకున్నది ఏదో గుర్తించడానికి వాళ్ల దగ్గర స్థిరమైన పద్ధతులున్నాయి. భేదాన్ని చూపడమంటే ఆ బరువులతో సహా చూపడం. ఒక అభిప్రాయం ఉందని చెప్పడం వేరు, అది ఆ మద్‌హబ్‌లో చెల్లుబాటయ్యే అభిప్రాయమని చెప్పడం వేరు.

ఒక పత్రంలో ఇది వాక్యాలుగా ఎలా ఉండాలో చూద్దాం. పట్టిక వాక్యం ఇలా ఉంటుంది: ‘హనఫీల ప్రకారం భర్తకు 90 ఏళ్లు నిండేదాకా భార్య ఆగాలి, మాలికీల ప్రకారం నాలుగేళ్లు చాలు.’ దాన్ని తిరగరాస్తే ఇలా రావచ్చు: ‘మఫ్ఖూద్ భార్యను గడువు పెట్టి విడదీయవచ్చన్నది మాలిక్ నిలబెట్టిన మాట, హనఫీ మద్‌హబ్ తిరస్కరించిన మాట. మాలికీలలో ఆ నాలుగేళ్లు ముస్లిం దేశంలో తప్పిపోయినవాడికి, అదీ ఫిర్యాదు చేసి వెతికించిన తర్వాత నుంచి. శత్రుదేశంలో తప్పిపోయినవాడి విషయంలో మాలిక్, అష్‌హబ్ విడిపోయారు. హనఫీలలో మరణాన్ని ఎప్పుడు నిర్ధారించాలన్న దానిపై ప్రామాణిక కథనం ఈడువాళ్ల మరణాన్ని కొలతగా పెట్టగా, మర్గీనానీ వెసులుబాటు కోసం 90 ఏళ్లను, ఇబ్నుల్ హుమామ్ 70 ఏళ్లను ఎంచుకున్నారు. 19వ శతాబ్దానికి, తప్పనిసరైతే మాలిక్ మాట మీద ఫత్వా ఇవ్వవచ్చన్నది హనఫీ గ్రంథాల్లోనే నమోదైంది.’ పొడవు ఐదారింతలైంది. కానీ ‘హనఫీలు’ అన్న మొత్తం సమూహం కర్తగా ఉన్న చోటల్లా ఇప్పుడు మనుషులు, కథనాలు, కాలాలు కర్తలయ్యాయి. రెండు మద్‌హబ్‌ల మధ్య అసలు తేడా కూడా మసకబారలేదు, మరింత తేటపడింది. తేడా అంకెల్లో లేదు. బతికున్నాడో లేదో తెలియని స్థితిలో పెళ్లిని ఖాజీ రద్దు చేయవచ్చా అన్న మూలప్రశ్నలో ఉంది.

పట్టిక పూర్తిగా వద్దనడం లేదు. పెట్టదలిస్తే గడులకు మద్‌హబ్‌ల పేర్లు కాకుండా ప్రశ్నలు పెట్టాలి: గడువు పెట్టవచ్చా, ఎప్పటి నుంచి, అదృశ్యమైన తీరును బట్టి మారుతుందా, ఆస్తికీ ఇదేనా, భర్త తిరిగొస్తే ఏమిటి. ఒక్కో ప్రశ్న కింద ఎవరు ఏ వైపో రాస్తే, మద్‌హబ్ గీతలు ఒకచోట కలుస్తాయి, మరోచోట చీలుతాయి. ఆ చీలికే పత్రానికి అసలు విషయం.

ఈ జాగ్రత్త లేకపోతే చట్టాలను కూడా తప్పుగా చదువుతారనడానికి భారతదేశమే ఉదాహరణ. బ్రిటిష్ కాలపు కోర్టుల్లో హనఫీ నియమమంటే 90 ఏళ్లన్నదే స్థిరపడింది. 1884లో మజహర్ అలీ వర్సెస్ బుధ్ సింగ్ కేసులో అలహాబాద్ హైకోర్టు పూర్తి ధర్మాసనం, అది సాక్ష్యానికి సంబంధించిన నియమమే కనుక దాని బదులు ఎవిడెన్స్ చట్టంలోని ఏడేళ్ల నియమం వర్తిస్తుందని తేల్చింది. మరణాన్ని ఊహించే విషయంలో అది పనికొచ్చింది. కానీ భర్త వదిలేసిన, పోషించని, జాడలేని స్త్రీలు విడాకులు పొందే దారి హనఫీ న్యాయం కింద కోర్టుల్లో దొరకలేదు. పెళ్లి రద్దు కావడం కోసం కొందరు స్త్రీలు మతమే మార్చుకునే స్థితి వచ్చింది. అప్పుడు దేవబంద్ సంప్రదాయానికి చెందిన అష్రఫ్ అలీ థానవీ ‘అల్ హీలతున్ నాజిజా’ అనే గ్రంథం తెచ్చాడు. మదీనాలోని మాలికీ ముఫ్తీలకు ప్రశ్నలు పంపి, వాళ్ల ఫత్వాలు తెప్పించుకుని, హనఫీ ముఫ్తీలు అవసరం కొద్దీ మాలికీ మాట మీద ఎలా తీర్పివ్వవచ్చో షరతులతో సహా రాశాడు. ఇంకో మద్‌హబ్ మాటను తన పుస్తకాల నుంచి కాక ఆ మద్‌హబ్ పండితుల నుంచే తీసుకోవాలన్న నియమానికి ఇంతకన్నా మంచి నిదర్శనం ఆధునిక కాలంలో అరుదు.

ఆ కృషి ఫలితంగానే ఖాజీ ముహమ్మద్ అహ్మద్ కాజ్మీ కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టాడు. అదే 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టమైంది. హనఫీ న్యాయం వల్ల కష్టం కలిగేచోట ఇతర మద్‌హబ్‌ల న్యాయాన్ని వర్తింపజేయడానికి హనఫీ పండితులే అనుమతించారన్నది బిల్లు ఉద్దేశాల ప్రకటనలోని వాదం. అందుకే పత్రాల్లో దీన్ని ‘మాలికీ న్యాయాన్ని చట్టంగా మార్చారు’ అని ఒక్కముక్కలో చెప్పేస్తుంటారు. చట్టం తెరిచి చూస్తే కథ వేరు. రెండో సెక్షన్ మొదటి క్లాజు ప్రకారం భర్త జాడ నాలుగేళ్లుగా తెలియకపోతే భార్య డిక్రీ కోరవచ్చు. ఇక్కడ నాలుగేళ్లు దావాకు ముందే నిండాలి. ముదవ్వనాలో అవి ఫిర్యాదు తర్వాత మొదలవుతాయి. డిక్రీ ఇచ్చాక ఆరు నెలలపాటు అది అమల్లోకి రాదు. ఈలోగా భర్త వచ్చి కాపురం చేయడానికి సిద్ధమని కోర్టును ఒప్పిస్తే డిక్రీ రద్దవుతుంది. ఈ ఆరు నెలలు ఇక్కడ చెప్పుకున్న మాలికీ వరుసలో లేవు. భర్త వారసులకు నోటీసు ఇవ్వాలని మూడో సెక్షన్ అంటుంది. ఇద్దత్ గురించి చట్టం ఏమీ చెప్పదు. యుద్ధంలో తప్పిపోయాడా, వ్యాపారానికి వెళ్లాడా అన్న భేదం లేదు. తీర్పు చెప్పేది ముస్లిం న్యాయమూర్తే కావాలన్న నిబంధన బిల్లులో ఉండగా, చట్టమయ్యేసరికి తొలగిపోయింది. ఖాజీ తీర్పు మీద ఆధారపడిన ఫిఖ్హ్ దృష్టిలో ఇది చిన్న మార్పు కాదు. దీనిపై ఉలమా అభ్యంతరం చెప్పారు కూడా.

పైన లెక్కవేసిన స్త్రీ దగ్గరకే వస్తే, ఈ చట్టం కింద 24 ఏళ్ల ఆమెకు 28 ఏళ్లు నిండేసరికి దావా వేసే హక్కు వస్తుంది, కేసు నడిచిన కాలం మీద మరో ఆరు నెలలకు డిక్రీ అమల్లోకి వస్తుంది. ఫిర్యాదు ఆలస్యం చేసిన స్త్రీకి ముదవ్వనా కన్నా ఈ చట్టమే త్వరగా దారి ఇస్తుంది. నాలుగేళ్లన్న అంకె మాలిక్ దగ్గర నుంచి వచ్చింది; గడియారం, ఆరు నెలల విరామం, న్యాయమూర్తి వలస కాలపు శాసనసభ నుంచి వచ్చారు. 1939 చట్టాన్ని మాలికీ చట్టమనడం సగమే నిజం, దాన్ని హనఫీయేతర చట్టమనడం అంతకన్నా తప్పు. ఆ దారిని తెరిచింది హనఫీ పండితులే, తమ గ్రంథాలు ఇచ్చిన అనుమతితోనే తెరిచారు.